హెచ్‌డీఆర్‌లో ఇవ్వాలా, ఎస్‌డీఆర్‌లో ఇవ్వాలా? పెళ్లి ఫిల్మ్‌ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పెళ్లి ఫిల్మ్‌లకూ షార్ట్ ఫిల్మ్‌లకూ కలర్ గ్రేడింగ్ చేస్తాను. ఈ రెండు ఫార్మాట్ల గురించి వీడియోగ్రాఫర్లు, ఎడిటర్లు, ఒక్కోసారి పెళ్లివారు కూడా అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే వాటిని ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## షూటింగ్‌కి ముందు

హెచ్‌డీఆర్ అంటే ఏంటి? 4కే లాంటిదేనా?

కాదు. 4కే అంటే తెరమీద చుక్కలు ఎన్ని అన్న లెక్క. హెచ్‌డీఆర్ అంటే ఒక్కో చుక్క ఎంత చీకటి నుంచి ఎంత వెలుతురు దాకా వెళ్లగలదన్న లెక్క. వెలుతురును నిట్స్‌లో కొలుస్తారు. మామూలు వీడియోని, అంటే ఎస్‌డీఆర్‌ని, గ్రేడింగ్ గదిలో 100 నిట్స్ తెల్లదనం ఉన్న మానిటర్ మీద తయారుచేస్తాం. అందులో తెల్ల బట్ట, దీపం, మంట అన్నీ ఆ 100 లోపలే సర్దుకోవాలి. హెచ్‌డీఆర్‌లో తెల్ల బట్టని 200 నిట్స్ దగ్గర ఉంచి, దానిపైన మంటకీ నగల మెరుపుకీ 1000 దాకా చోటు ఇస్తాం. రంగుల పరిధి కూడా పెద్దదవుతుంది, కానీ మొదట కంటికి తెలిసేది వెలుతురే.

పీక్యూ, హెచ్‌ఎల్‌జీ, హెచ్‌డీఆర్10, డాల్బీ విజన్ అంటున్నారు. ఇవన్నీ వేరువేరా?

మూలంలో పద్ధతులు రెండే. పీక్యూలో ఫైల్‌లోని ప్రతి అంకెకీ ఇన్ని నిట్స్ అని ఖచ్చితమైన అర్థం ఉంటుంది. లెక్క 10,000 నిట్స్ దాకా వెళ్తుంది. హెచ్‌ఎల్‌జీని బీబీసీ, జపాన్ ఎన్‌హెచ్‌కే కలిసి టీవీ ప్రసారాల కోసం తయారుచేశాయి. అందులో అంకెలకి ఖచ్చితమైన నిట్స్ ఉండవు, ఏ టీవీ దాని శక్తికి తగ్గట్టు చూపిస్తుంది. హెచ్‌డీఆర్10 అంటే పీక్యూ వీడియోకి సినిమా మొత్తానికీ కలిపి ఒకే చీటీ జతచేయడం. గరిష్ఠ వెలుతురు ఎంత, ఏ మానిటర్ మీద చేశారు అన్న వివరాలు ఆ చీటీలో ఉంటాయి. డాల్బీ విజన్‌లో అలాంటి వివరాలు షాట్ షాట్‌కీ విడిగా ఉంటాయి.

ఐఫోన్‌తో తీసిన క్లిప్పులు ఎడిటింగ్‌లో పెడితే తెల్లగా పేలిపోతున్నాయి. ఫోన్‌లో మాత్రం బాగానే ఉన్నాయి. ఎందుకు?

ఐఫోన్ 12 నుంచి ఆ ఫోన్లు వీడియోని డాల్బీ విజన్‌లో రికార్డు చేయగలవు. దాని అడుగున ఉన్నది హెచ్‌ఎల్‌జీ. మీ టైమ్‌లైన్ ఎస్‌డీఆర్ అయి, సాఫ్ట్‌వేర్ ఆ క్లిప్‌ని సరిగ్గా మార్చకపోతే, పై వెలుతురుకి చోటు లేక ముఖాలు, తెల్ల బట్టలు పేలిపోతాయి. దారులు రెండు. ప్రాజెక్టులో కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేసి, ఆ క్లిప్ హెచ్‌ఎల్‌జీ అని సాఫ్ట్‌వేర్‌కి చెప్పడం ఒకటి. చివరికి ఇచ్చేది ఎస్‌డీఆర్ ఒక్కటే అని ముందే తెలిస్తే, షూటింగ్ రోజు ఫోన్‌లో Settings > Camera > Record Video లోకి వెళ్లి HDR Video ఆపేయడం రెండోది. బంధువుల ఫోన్ల నుంచి క్లిప్పులు వచ్చే పెళ్లిళ్లలో రెండో దారి కుదరదు, కాబట్టి మొదటిది నేర్చుకోక తప్పదు.

## గ్రేడింగ్‌లో

ముందు హెచ్‌డీఆర్ చేసి, దాన్నే ఎస్‌డీఆర్‌గా మార్చేస్తే సరిపోదా? ఒక లట్ వేస్తే అయిపోతుందిగా?

హెచ్‌డీఆర్ ముందు చేయడం మంచిదే, నేనూ అలాగే చేస్తాను. కానీ లట్ అంటే అన్ని షాట్లకీ ఒకేలా వేసే రంగుల మార్పిడి పట్టిక. దానికి ఏ షాట్‌లో ఏది ముఖ్యమో తెలియదు. ఒక్క షాట్ తీసుకుని చూద్దాం.

తెల్లవారుజామున పెళ్లి, మండపంలో హోమం. వధూవరులు ఎర్ర అంచు ఉన్న తెల్లటి మధుపర్కాల్లో ఉన్నారు, ఎదురుగా మంట. హెచ్‌డీఆర్ గ్రేడ్‌లో నేను పెళ్లికూతురి ముఖాన్ని 60 నిట్స్ దగ్గర, మధుపర్కాన్ని 200 దగ్గర, మంట నడిబొడ్డును 800 దగ్గర ఉంచాను. అంటే మంట బట్టకన్నా నాలుగు రెట్లు వెలుగుతోంది. చూస్తుంటే ఆ వేడి కళ్లకి తగులుతున్నట్టే ఉంటుంది. అయినా బట్ట మడతలన్నీ కనిపిస్తాయి.

ఇదే షాట్ ఎస్‌డీఆర్‌కి రావాలంటే పైకప్పు 100. బట్టని 90 దగ్గర ఉంచితే మంటకి మిగిలేది పది నిట్సే. నాలుగు రెట్ల తేడా పోయి, మంటా మధుపర్కమూ దాదాపు ఒకే వెలుతురులో ఉంటాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. పూర్తి వెలుతురు దగ్గర ఎస్‌డీఆర్‌లో ఉండగలిగేది తెలుపు ఒక్కటే. ముదురు నారింజ రంగుకి అంత ఎత్తులో చోటు లేదు. అందుకే లట్ వేసినప్పుడు చాలాసార్లు మంట మధ్యభాగం రంగు పోయి సున్నం ముద్దలా తయారవుతుంది.

ఆ షాట్‌కి నేను చేసిందేమిటంటే, మధుపర్కాన్ని 90 నుంచి 70కి దించాను. మంటని 100 దాకా పోనివ్వకుండా 85 దగ్గర ఆపాను, నారింజ నిలబడింది. ముఖాన్ని మాత్రం దించలేదు. హెచ్‌డీఆర్‌లో మంట వెలుతురుతో చెప్పిన మాటని ఎస్‌డీఆర్‌లో రంగుతో చెప్పించాలి. ఈ నిర్ణయం ప్రతి షాట్‌కీ మారుతుంది. తలంబ్రాల దగ్గర బియ్యపు గింజల తెలుపు కావాలి, అక్కడ బట్ట దించితే షాట్ చచ్చిపోతుంది.

20 నిమిషాల ఫిల్మ్‌కి ఇలా ఎస్‌డీఆర్ సరిచూసుకోవడానికి నాకు సగం రోజు పడుతుంది. ఫిల్మ్ చూసేవాళ్లలో ఎక్కువమంది చూసేది ఈ వెర్షన్‌నే కాబట్టి ఆ సగం రోజు నేను వదులుకోను.

తెల్లదనం 200 నిట్స్ దగ్గరే ఎందుకు? 1000 దాకా చోటుంది కదా, ఇంకా పైన పెడితే మరింత బాగుంటుంది కదా?

అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ నివేదికలో మామూలు తెలుపుకి చెప్పిన అంకె 203 నిట్స్. పీక్యూ స్కేల్ మీద అది 58 శాతం దగ్గర ఉంటుంది. దాన్ని పట్టుకుంటే పైన మెరుపులకి చోటు మిగులుతుంది. గోడలు, బట్టలు, ముఖాలు అన్నీ పైకి తోస్తే చీకటి గదిలో చూసేవాళ్లకి కళ్లు లాగుతాయి, మంట కూడా ప్రత్యేకంగా కనిపించదు. మామూలు టీవీకి వచ్చేసరికి ఆ టీవీ దాన్నంతా కిందికి నొక్కేస్తుంది, మీరు పడిన కష్టం పోతుంది. హెచ్‌డీఆర్ అందమంతా ఫ్రేమ్‌లోని కొద్ది భాగంలో ఉంటుంది. దీపం, ముక్కుపుడక, కంకణాల అంచు, వేకువ ఆకాశంలో సూర్యుడు ఉన్న చోటు.

హెచ్‌డీఆర్ మానిటర్ లేదు. స్కోప్స్ చూసి చేసేయొచ్చా?

వెలుతురునీ రంగునీ గ్రాఫ్‌లుగా చూపించే స్కోప్స్ హద్దులు దాటకుండా చూసుకోవడానికి చాలు. అందం చూసి నిర్ణయించడానికి చాలవు. 800 నిట్స్ మంట పక్కన 60 నిట్స్ ముఖం కంటికి ఎలా అనిపిస్తుందో గ్రాఫ్ చెప్పదు. మానిటర్ లేకపోతే ఎస్‌డీఆర్‌లోనే శ్రద్ధగా చేసి అదే ఇవ్వండి. చూడకుండా చేసిన హెచ్‌డీఆర్‌కన్నా చూసి చేసిన ఎస్‌డీఆర్ ఏ తెర మీదైనా బాగుంటుంది.

## ఎక్స్‌పోర్ట్, అప్‌లోడ్

మా వీడియో టీవీలో బూడిద పూసినట్టు కనిపిస్తోంది. గ్రేడింగ్ పాడైందా?

చాలావరకు గ్రేడింగ్ బాగానే ఉంటుంది. తెర ఆ ఫైల్‌ని హెచ్‌డీఆర్ అని గుర్తించలేదు. నాకూ ఒకసారి ఇదే జరిగింది. రాజమండ్రి వైపు ఒక పెళ్లి. నేను హెచ్‌డీఆర్ ఫైల్ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. మర్నాడు పెళ్లికూతురి మేనమామ ఫోన్ చేసి, "ఏమయ్యా, మా పిల్ల ముఖం ఇలా పాలిపోయిందేంటి?" అన్నారు. ఆయన ఇంట్లో ఉన్నది ఏళ్లనాటి మామూలు టీవీ. అది ఫైల్‌ని తెరిచింది కానీ, పీక్యూ అంకెల్ని ఎస్‌డీఆర్ అంకెలనుకుని చూపించింది.

అలా అనుకుంటే ఏమవుతుందో లెక్క చూడండి. 203 నిట్స్ బట్ట ఫైల్‌లో 0.58 అని రాసి ఉంటుంది. ఎస్‌డీఆర్ టీవీ దాన్ని 2.4 గామాతో, అంటే ఆ అంకెని 2.4 ఘాతానికి పెంచి వెలుతురుగా చదువుతుంది.

```
0.58 ^ 2.4 = 0.27
```

అంటే దాదాపు పూర్తి తెల్లగా ఉండాల్సిన మధుపర్కం, టీవీ చూపగల వెలుతురులో నాలుగో వంతుకి కాస్త పైన ఆగిపోతుంది. 60 నిట్స్ ముఖం 15 శాతం దగ్గరికి జారుతుంది. 800 నిట్స్ మంట కూడా సగం దాటదు. చీకటి భాగాలు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటాయి. దాంతో చీకటికీ వెలుతురుకీ మధ్య దూరం తగ్గిపోయి అంతా బూడిదలా కనిపిస్తుంది. పైగా పెద్ద రంగుల పరిధిలో రాసిన అంకెల్ని చిన్న పరిధిలో చదవడం వల్ల ఎర్ర అంచు కూడా వెలిసిపోయింది.

ఆ సాయంత్రమే ఎస్‌డీఆర్ ఫైల్ పంపాను. అప్పటి నుంచి పెన్‌డ్రైవ్‌లో ఎస్‌డీఆర్ లేకుండా ఎవరికీ ఏదీ ఇవ్వలేదు.

నా ఫైల్‌లో ట్యాగులు సరిగ్గా ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

ఫైల్ హెచ్‌డీఆరా, ఎస్‌డీఆరా అని తెరకి చెప్పే గుర్తులే ట్యాగులు. అవి చూడటానికి, FFmpeg తో పాటు వచ్చే ffprobe తో టెర్మినల్‌లో ఈ కమాండ్ ఇవ్వండి:

```
ffprobe -v error -select_streams v:0 -show_entries stream=pix_fmt,color_transfer,color_primaries film.mp4
```

color_transfer దగ్గర smpte2084 అని వస్తే పీక్యూ, arib-std-b67 అని వస్తే హెచ్‌ఎల్‌జీ, bt709 అని వస్తే ఎస్‌డీఆర్. హెచ్‌డీఆర్ అయితే color_primaries దగ్గర bt2020 ఉండాలి, pix_fmt పేరులో 10 కనిపించాలి. unknown అని వచ్చినా, హెచ్‌డీఆర్ గ్రేడ్ చేసి bt709 అని వచ్చినా ఆ ఫైల్ ఎవరికీ పంపకండి. ఎక్స్‌పోర్ట్‌లో ట్యాగ్ తప్పింది. డావిన్చీ రిసాల్వ్‌లో అయితే Deliver పేజీలో Advanced Settings కింద Color Space Tag, Gamma Tag అని రెండు ఉంటాయి, అక్కడ చూడండి.

8 బిట్‌లో హెచ్‌డీఆర్ ఇవ్వొచ్చా? ఫైల్ చిన్నదవుతుంది కదా.

వద్దు. 8 బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, 10 బిట్‌లో 1024. పీక్యూలో ఆ 256 మెట్లూ సున్నా నుంచి 10,000 నిట్స్ దాకా సాగాలి కాబట్టి మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరం పెరుగుతుంది. వేకువ ఆకాశం నునుపుగా మారాల్సిన చోట చారలు పడతాయి.

యూట్యూబ్‌కి హెచ్‌డీఆర్ ఎక్కిస్తే మామూలు ఫోన్ ఉన్నవాళ్లకి ఏం కనిపిస్తుంది?

యూట్యూబ్ మీ హెచ్‌డీఆర్ ఫైల్ నుంచి ఎస్‌డీఆర్ వెర్షన్‌ని తనే తయారుచేసుకుని, హెచ్‌డీఆర్ లేని తెరలకి అదే పంపుతుంది. కాబట్టి బూడిద రంగు రాదు. కానీ ఆ మార్పిడి యంత్రం చేసేది. హోమం షాట్‌లో ముఖం కాపాడాలా, మంట కాపాడాలా అన్నది దానికి తెలియదు. నేను చూసినంతలో పగటి షాట్లు చాలావరకు పర్వాలేదు. రాత్రి లైట్ల కింద తీసినవి, మంట ఉన్నవి మొహం నల్లబడో, రంగు తేలిపోయో వస్తాయి.

అందుకే ముందు ప్రైవేట్‌గా అప్‌లోడ్ చేసి, మామూలు ఫోన్‌లో ఒకసారి చూడండి. నచ్చకపోతే మీరు చేసిన ఎస్‌డీఆర్‌నే అప్‌లోడ్ చేయండి. ఒకే లింక్ బంధువులందరికీ వెళ్లేటప్పుడు నేను చేసేది ఇదే. హెచ్‌డీఆర్ కావాలన్నవాళ్లకి రెండో లింక్ ఇస్తాను.

ఇంకొకటి, అప్‌లోడ్ అయిన వెంటనే హెచ్‌డీఆర్ కనిపించదు, ప్రాసెసింగ్‌కి సమయం పడుతుంది. క్వాలిటీ మెనూలో 1080p పక్కన HDR అని వచ్చేదాకా టెన్షన్ పడకండి.

ఓటీటీకి ఇచ్చేటప్పుడు కూడా రెండు గ్రేడ్లు చేయాలా?

ఏం ఇవ్వాలో ఆ సంస్థ డెలివరీ పత్రంలోనే ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ తన సొంత హెచ్‌డీఆర్ నిర్మాణాలకి డాల్బీ విజన్ అడుగుతుంది. అందులో హెచ్‌డీఆర్ మాస్టర్ ఒకటే ఉంటుంది, దాన్ని 100 నిట్స్‌కి దించితే ప్రతి షాట్ ఎలా ఉండాలో కలరిస్ట్ ట్రిమ్ చేసి ఆ వివరాలు జతచేస్తారు. అక్కడ ఎస్‌డీఆర్ ఆ ట్రిమ్ నుంచే పుడుతుంది. అంటే రెండో గ్రేడ్ విడిగా లేకపోయినా, షాట్ షాట్‌కీ మనిషి చూడటం మాత్రం తప్పదు.

## చూసేవాళ్ల దగ్గర

మా టీవీ డబ్బా మీద హెచ్‌డీఆర్ అని ఉంది. అయినా హెచ్‌డీఆర్ పెడితే చీకటిగా ఉంది, మామూలు వీడియోనే బాగుంది. ఎందుకలా?

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఈ ప్రశ్నే. డబ్బా మీద హెచ్‌డీఆర్ అని ఉంటే ఆ టీవీ హెచ్‌డీఆర్ సిగ్నల్‌ని చదవగలదని మాత్రమే అర్థం. అంత వెలుతురు ఇవ్వగలదని కాదు. తక్కువ ధర టీవీలు చాలావరకు 250, 300 నిట్స్ దగ్గర ఆగిపోతాయి.

ఇప్పుడు అలాంటి 300 నిట్స్ టీవీలో మధుపర్కాన్నే రెండు రకాలుగా చూద్దాం. ఎస్‌డీఆర్‌ని మేం 100 నిట్స్ కోసం చేసినా, ఇంట్లో టీవీ దానికి కట్టుబడదు. తన పూర్తి శక్తికి సాగదీసి, తెలుపుని 300 దగ్గర చూపిస్తుంది. హెచ్‌డీఆర్‌కి వచ్చేసరికి ఫైల్ ఖచ్చితంగా 203 అంటోంది, కాబట్టి బట్ట 203 దాటదు. అంతేకాదు, 800 నిట్స్ మంటని కూడా 300 లోపల ఎలాగోలా ఇమడ్చాలి కాబట్టి, దానికి చోటు చేయడానికి టీవీ బట్టని 203 కన్నా కిందికి దించుతుంది. ముఖం కూడా దాంతోపాటే కాస్త దిగొచ్చు. పగటిపూట, కిటికీ తెరిచిన హాల్లో చూస్తే ఎస్‌డీఆర్ కళకళలాడుతుంది, హెచ్‌డీఆర్ మసకగా ఉంటుంది. మీ కళ్లు మిమ్మల్ని మోసం చేయడం లేదు.

వెనక ఉన్న లైటు ప్యానెల్ మొత్తానికీ ఒకేసారి పెరిగి తగ్గే టీవీల్లో ఇంకో ఇబ్బంది ఉంది. మంట కోసం లైటు పెంచితే నల్లటి ఆకాశం కూడా బూడిదగా తేలుతుంది. ఒక్కో భాగానికి విడిగా లైటు తగ్గించే టీవీల్లో, ఓలెడ్‌లలో ఈ సమస్య తక్కువ.

అలాంటి టీవీ ఉన్నవాళ్లకి నా సలహా సూటిగా ఇదే: ఎస్‌డీఆర్ ఫైల్ చూడండి. ఆ టీవీకి అదే నప్పుతుంది.

ఫోన్‌లో హెచ్‌డీఆర్ ఒక్కోసారి ధగధగలాడుతుంది, ఒక్కోసారి ఏ తేడా లేదు. ఫోన్ పాడైందా?

పాడవలేదు. హెచ్‌డీఆర్ కనిపించాలంటే మీరు పెట్టుకున్న బ్రైట్‌నెస్ పైన ఫోన్‌కి ఇంకా వెలుతురు మిగిలి ఉండాలి. రాత్రి గదిలో బ్రైట్‌నెస్ తక్కువ ఉంటుంది, పైన బోలెడు చోటు, అందుకే మంట, నగలు ఎగిసి కనిపిస్తాయి. మధ్యాహ్నం ఎండలో ఫోన్ అప్పటికే పూర్తి బ్రైట్‌నెస్‌లో ఉంటుంది, పైకి వెళ్లడానికి మిగిలేది చాలా తక్కువ. అందుకే ఏ తేడా తెలియదు. ఫోన్ వేడెక్కినా, బ్యాటరీ సేవర్‌లో ఉన్నా ఇలాగే జరుగుతుంది.

వాట్సాప్‌లో పంపితే రంగులు మారిపోయాయి.

పంపేటప్పుడు వీడియో మళ్లీ కుదించబడుతుంది, ఆ దారిలో హెచ్‌డీఆర్ సరిగ్గా చేరుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. చాట్‌లో పంపేది ఎప్పుడూ ఎస్‌డీఆరే.

మామూలు తెర మీద ఎలా ఉంటుందో ఇచ్చేముందు ఎలా చూసుకోవాలి?

నా గదిలో గ్రేడింగ్ మానిటర్‌తో పాటు ఒక 32 అంగుళాల చవక టీవీ ఉంది. దాని సెట్టింగులు కావాలనే ముట్టుకోలేదు, డబ్బాలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచాను. జనం ఇళ్లలో అలాగే ఉంటుంది కాబట్టి. ఎస్‌డీఆర్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, లైటు వేసి ఉన్న గదిలో మూడు షాట్లు చూస్తాను: అన్నిటికన్నా చీకటి షాట్, మంట ఉన్నది, తలంబ్రాలు. తర్వాత పిక్చర్ మోడ్‌ని Vivid కి మార్చి అవే మళ్లీ చూస్తాను. ఆ మోడ్‌లో పట్టుచీర ఎరుపు అలుక్కుపోయి జరీ గీతలు కనపడకపోతే, గ్రేడ్‌లో ఆ ఎరుపుని కాస్త తగ్గిస్తాను. చివరగా తక్కువ ధర ఫోన్ ఒకటి పట్టుకుని వరండాలోకి వెళ్లి చీకటి షాట్ చూస్తాను. ముఖంలో కళ్లు కనిపించాలి. కనిపించకపోతే వెనక్కి వచ్చి నీడల్ని ఎత్తుతాను.

పదేళ్ల తర్వాత చూసుకోవడానికి ఏ ఫైల్ దాచుకోవాలి?

రెండూ. హెచ్‌డీఆర్ మాస్టర్‌ని 10 బిట్ ప్రోరెస్ 422 హెచ్‌క్యూలో ఒకటి, ఎస్‌డీఆర్‌ని 8 బిట్ హెచ్.264 లో ఒకటి. రెండోది దాదాపు ఏ టీవీ అయినా తెరుస్తుంది. ఫైల్ పేర్లలోనే ఏది ఏదో రాసిపెట్టండి. నేనైతే ఇలా పెడతాను:

```
pelli_film_HDR_PQ_1000nits.mov
pelli_film_SDR_TV_kosam.mp4
```

పెన్‌డ్రైవ్ తెరిచే పెద్దవాళ్లకి రెండో పేరు చూడగానే అర్థమవుతుంది.